ఉడుత కథను మొదటిసారి చదివే పిల్లల కోసం మార్చాను. ఎక్కడో తేడా కొడుతోంది, చూసి చెప్పండి

చెరువుగట్టు
నేను పిల్లల కథలు రాస్తుంటాను. ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళు చదివి వినిపించే కథలే రాశాను. ఇప్పుడు ఒక కథను, గుణింతాలు వచ్చి వత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లలు సొంతంగా చదువుకునేలా మార్చి ఇమ్మన్నారు. కథ మొదలు ఇలా ఉంటుంది:

"చెరువు గట్టున ఉన్న పాత మర్రిచెట్టు తొర్రలో నివసిస్తున్న ఉడుత, రాత్రి కురిసిన వర్షానికి తడిసిపోయిన తన గింజలను ఎండబెట్టుకోవాలని బయటికి తెచ్చి రాతి మీద పరిచి, కాసేపు కునుకు తీద్దామనుకుని పక్కనే పడుకుంది. మెలకువ వచ్చి చూసేసరికి గింజల్లో సగం మాయమైపోయి ఉండటంతో ఆశ్చర్యపోయిన ఉడుత, కాకే దొంగిలించి ఉంటుందని నిర్ధారించుకుని కోపంతో దాని దగ్గరికి వెళ్ళింది."

(అసలు దొంగలు చీమలు. అది చివర్లో తెలుస్తుంది.)

నేను చేసిన మార్పు:

"ఉడుత ఉంది. అది తొర్రలో ఉంది. వర్షం వచ్చింది. గింజలు తడిశాయి. ఉడుత గింజలు తెచ్చింది. రాతి మీద పెట్టింది. ఉడుత పడుకుంది. ఉడుత లేచింది. గింజలు లేవు. ఉడుతకు కోపం వచ్చింది. అది కాకి దగ్గరికి వెళ్ళింది."

వాక్యాలు చిన్నవే కదా. అయినా మా మేనల్లుడు చదివి రెండు ప్రశ్నలు వేశాడు. ఒకటి, "కాకి దగ్గరికి ఎందుకు వెళ్ళింది?" రెండోది, "గింజలు లేవు అన్నావు, మరి బొమ్మలో ఉన్నాయేంటి?" రెండింటికీ నా దగ్గర జవాబు లేదు.

సూటిమాట
ఇందులో అంత ఆలోచించడానికేముంది? వాక్యానికి మూడు మాటలు మించకూడదు. వత్తులు అసలు ఉండకూడదు. మొత్తం 250 మాటలు దాటకూడదు, పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి అంటే 250 మాటల లోపే. మీది ఇప్పటికే చిన్నది. "వర్షం", "వచ్చింది", "తెచ్చింది", "వెళ్ళింది" లాంటివి తీసేస్తే పనైపోతుంది.

పాప_అమ్మ
మా పాపకి మూడేళ్ళు. రోజూ రాత్రి కథ చెప్పనిదే పడుకోదు. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదువుతాను, ఇలాంటి పొడుగు వాక్యాలే. ఇది చూశాక టెన్షన్ పట్టుకుంది. ఇప్పట్నుంచి చిన్న వాక్యాలుగా విరిచి చెప్పాలా?

రెండోతరగతి_టీచర్
పాప_అమ్మ గారూ, అక్కర్లేదండీ. వినడం వేరు, చదవడం వేరు. మీ గొంతులో ఎక్కడ ఆగాలో, ఎవరు మాట్లాడుతున్నారో అన్నీ పాపకి వినిపిస్తాయి. పొడుగు వాక్యాలు, కొత్త మాటలు వినడం మంచిదే. ఇక్కడ మాట్లాడుతున్నది, వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివే పిల్లల గురించి.

అక్షరమాల
చెరువుగట్టు గారూ, మీ మేనల్లుడు అసలు విషయం పట్టేశాడు. నేను చాలా ఏళ్ళుగా ఇలాంటి పుస్తకాలకి ఎడిటింగ్ చేస్తున్నాను. మొదట్లో అందరం చేసే పొరపాటే మీరూ చేశారు. వాక్యాన్ని కోసేటప్పుడు, దాన్ని పట్టి ఉంచిన కారణం కూడా తెగిపోయింది.

మీ పాత వాక్యంలో "ఎండబెట్టుకోవాలని" అన్న ఒక్క మాటే గింజలు బయటికి ఎందుకు వచ్చాయో చెప్పింది. కొత్త దాంట్లో అది లేదు. ఉడుత గింజలు తెచ్చి రాతి మీద ఊరికే పెట్టింది. "కాకే దొంగిలించి ఉంటుందని" పోయింది కాబట్టి కాకి దగ్గరికి ఎందుకు వెళ్ళిందో తెలీదు. "సగం" పోయింది, అన్నిటికంటే పెద్ద నష్టం అదే. చీమలు ఒక్కొక్క గింజే మోసుకెళ్ళాయి, అందుకే సగం మిగిలాయి. ఆ మాట తీసేస్తే మీ ముగింపు నిలబడదు. పెద్దవాళ్ళం తెగిన చోట మనమే ముడి వేసుకుని చదివేస్తాం. పిల్లవాడి బుర్ర అంతా అక్షరాల మీదే ఉంటుంది, ముడులు వేసుకునే తీరిక వాడికి ఉండదు.

అందుకని నేను ముందు వాక్యాల జోలికి పోను. ఈ పేరాలో పిల్లవాడికి తప్పకుండా తెలియాల్సినవి ఏమిటో మామూలు మాటల్లో ఒక కాగితం మీద రాసుకుంటాను. ఇక్కడ అవి ఐదు: గింజలు తడిశాయి, ఆరడానికి పెట్టింది, నిద్రపోయింది, లేచేసరికి సగమే ఉన్నాయి, కాకి మీద అనుమానం. మర్రిచెట్టు, చెరువు గట్టు, పాతది కావడం, ఇవన్నీ బొమ్మ చూసుకుంటుంది. ఆశ్చర్యం కూడా ఉడుత మొహంలో కనిపిస్తుంది.

సూటిమాట
మరి వత్తుల సంగతి? మీరూ "వచ్చింది" ఉంచుతారా?

అక్షరమాల
ఉంచుతాను. మీరు చెప్పింది సగం నిజం. గుణింతాలు మాత్రమే వచ్చిన పిల్లలకి వత్తులు లేని కథ రాయొచ్చు. చూసింది, తీసింది, లేచింది, దూకింది, అడిగింది, నడిచింది, పడింది, వీటితో ఒక బుల్లి కథ నడుస్తుంది. కానీ వీళ్ళు ఆ మెట్టు దాటేశారు. పైగా వచ్చింది, వెళ్ళింది, చెప్పింది, ఉన్నాయి లేకుండా తెలుగులో ఎంత దూరం పోగలం? రెండో పేజీకల్లా ఉడుత "కదిలింది, కదిలింది" అంటూ ఉంటుంది. పిల్లలు నోటితో అనని వాక్యం చదవడానికీ కష్టమే.

నేను వత్తుల్ని రెండు రకాలుగా చూస్తాను. అక్షరం కిందికి అదే అక్షరం వచ్చేవి ఒక రకం, చ్చ, క్క, ట్ట, న్న, ల్ల లాంటివి. వీటిని పిల్లలు త్వరగా పట్టుకుంటారు, ఎందుకంటే కొత్తగా గుర్తుపట్టాల్సింది వత్తు రూపమే, పలకాల్సింది మాత్రం తెలిసిన అక్షరమే. వేరే అక్షరం వచ్చేవి రెండో రకం, ర్ష, శ్చ, ర్ధ, స్త, త్ర. ఇవి చూసినప్పుడు రెండు వేర్వేరు ధ్వనుల్ని కలిపి పలకాలి. మీ అసలు పేరాలో "వర్షానికి", "ఆశ్చర్యపోయిన", "నిర్ధారించుకుని", "నివసిస్తున్న", "రాత్రి" అన్నీ రెండో రకమే. ఈ మెట్టుకి నేను మొదటి రకం ఉంచుతాను, రెండో రకం వీలైనంత వరకు రానివ్వను.

మాట పొడుగు కూడా ఒక లెక్కే. "ఎండబెట్టుకోవాలని" ఒకే మాట, కానీ ఎనిమిది అక్షరాలు. పిల్లవాడు చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. మన భాషలో ఒక మాటలోనే వాక్యమంతా ఇమిడిపోతుంది, అందుకే వాక్యానికి ఎన్ని మాటలు అన్న లెక్క ఒక్కటీ పెట్టుకుంటే మోసపోతాం. 250 మాటల హద్దు కూడా పుస్తకం ఎంత పొడుగో చెబుతుంది, ఆ మాటలు ఎంత బరువో చెప్పదు.

పాతపేజీ
నాకు ఒకటి చెప్పండి. ఇదంతా చేశాక మిగిలేది కథా, వాచకమా? "కాసేపు కునుకు తీద్దామనుకుని" అన్న మాటలో ఉడుత బద్ధకం కనిపిస్తుంది. "పడుకుంది" అంటే ఏముంది? మెత్తగా ఉడికించి ఉడికించి చివరికి రుచి లేకుండా చేస్తారు.

అక్షరమాల
పాతపేజీ గారూ, ఆ నష్టం ఉంది, కాదనను. "కునుకు తీద్దామనుకుని"ని చదివి వినిపించే పుస్తకంలో ఉంచుకోవచ్చు. ఇక్కడ ఆ పని వేరే చోట చేయించాలి. నా ప్రయత్నం పెడుతున్నాను, పేజీలుగా విడగొట్టాను, ఎందుకంటే ఈ పుస్తకాల్లో పేజీ తిప్పడమే ఒక విరామం.

1\. ఉడుత తొర్రలో ఉంటుంది. తొర్ర నిండా గింజలు.
2\. వాన పడింది. తొర్రలోకి నీరు వచ్చింది. గింజలు తడిశాయి.
3\. ఎండ వచ్చింది. ఉడుత గింజలు బయటికి తెచ్చింది. రాయి మీద పరిచింది. "ఎండకి ఆరాలి" అంది.
4\. ఉడుత రాయి పక్కన పడుకుంది.
5\. ఉడుత లేచింది. గింజలు చూసింది. సగం గింజలే ఉన్నాయి!
6\. "మిగతా గింజలు ఏవి?" చెట్టు మీద కాకి ఉంది. "కాకే తీసింది!" అనుకుంది ఉడుత.
7\. ఉడుతకి కోపం వచ్చింది. కాకి దగ్గరికి వెళ్ళింది.

పాతది 42 మాటలు, ఇది 53. వాక్యాలు చిన్నవైతే కథ పొడుగవుతుంది, అందులో భయపడేదేమీ లేదు. నాలుగు అక్షరాలు దాటిన మాట ఒక్కటీ లేదు. వత్తులన్నీ మొదటి రకమే.

కారణాలు ఎక్కడికి పోయాయో చూడండి. "ఎండబెట్టుకోవాలని" అన్నది ఉడుత నోట్లో మాటగా మారింది: "ఎండకి ఆరాలి". కాకి మీద అనుమానం కూడా అంతే. "అని", "అనుకుని", "ఉంటుందని" కట్టిపడేసిన వాక్యాన్ని విప్పాలంటే మాట్లాడించడమే సులువైన దారి. పాత్ర నోటి మాటని ఉన్నదున్నట్టు ముందు పెట్టేస్తే, ఎవరన్నారో తర్వాత చెప్పొచ్చు.

ఇంకొకటి. "తొర్రలో నివసిస్తున్న ఉడుత", "వర్షానికి తడిసిపోయిన తన గింజలను" లాంటివి పిల్లలకి చాలా బరువు. ఎవరి గురించి చెబుతున్నామో చివర్లో గానీ తెలియదు, అప్పటిదాకా అంతా గుర్తుపెట్టుకోవాలి. ఉడుతని ముందుకు తెచ్చి, దాని సంగతి తర్వాత చెబితే చాలు. "తెచ్చి రాయి మీద పరిచింది" లాంటివి మాత్రం అంత కష్టం కాదు, పిల్లలు రోజూ అలాగే మాట్లాడతారు. అలాంటివి రెండు పనులకి మించకుండా అక్కడక్కడా ఉంచితే చదువు తుంపులు తుంపులుగా ఉండదు.

రెండోతరగతి_టీచర్
"తొర్ర" ఎందుకు ఉంచారు? మా పిల్లల్లో సగం మందికి ఆ మాట తెలీదు.

అక్షరమాల
కావాలనే ఉంచాను. కథకి ఒకటో రెండో కొత్త మాటలు ఉండాలి, లేకపోతే పిల్లవాడు ఉన్నచోటే ఉంటాడు. కాకపోతే మూడు షరతులు. బొమ్మలో అది పొరబడడానికి వీల్లేకుండా కనిపించాలి, మళ్ళీ మళ్ళీ రావాలి, వచ్చిన ప్రతిసారీ అదే అర్థంలో రావాలి. ఈ ఏడు పేజీల్లో "తొర్ర" మూడుసార్లు వచ్చింది. "గింజలు" ఆరుసార్లు. పెద్దవాళ్ళ రచనలో ఇది విసుగు, ఇక్కడ ఇదే ఊతం.

చెరువుగట్టు
"వర్షం" తీసి "వాన" పెట్టారు. మా మేనల్లుడు ఇంట్లో "వర్షం" అనే అంటాడు. వాడికి తెలిసిన మాట కదా?

సూటిమాట
వాన. వత్తు లేదు. చర్చే అనవసరం.

రెండోతరగతి_టీచర్
చర్చ అవసరమే. మా తరగతిలో ఒకసారి చూశాను. "వాన" అని రాసి ఉన్నదాన్ని ఒక అమ్మాయి చక్కగా చదివింది. ఏమిటది అంటే "తెలీదు" అంది. ఇంకో పిల్లాడు "వర్షం" చూసి "వ... వర... వర్షం!" అని ఎగిరి గంతేశాడు. అక్షరం కష్టమే, కానీ నోటికి తెలిసిన మాట కాబట్టి సగంలోనే దొరికిపోయింది. చదవడానికి సులువైన మాట, తెలిసిన మాట ఎప్పుడూ ఒకటే కావు. నేనైతే ఆ పుస్తకం చదవబోయే పిల్లల్ని అడిగి నిర్ణయిస్తాను. "పడుకుంది" విషయంలోనూ ఇదే గొడవ. మా దగ్గర పిల్లలు చాలామంది "పండుకుంది" అంటారు.

అక్షరమాల
దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. బొమ్మలో వాన పడుతూ ఉంటుంది కాబట్టి "వాన" దాటేస్తారని నా నమ్మకం. "పండుకుంది" అచ్చు వేయనిచ్చిన ఎడిటర్ని ఇంతవరకూ చూడలేదు. వేస్తే తప్పేమిటో కూడా నాకు తెలీదు.

పాప_అమ్మ
నాదొక సంగతి. మా అన్నయ్య కొడుకు ఒకటో తరగతి. ఇలాంటి పుస్తకం ఒక్క తప్పు లేకుండా గడగడా చదివేస్తాడు. వాడికి ఇంకా పెద్దవి ఇవ్వొచ్చు కదా?

రెండోతరగతి_టీచర్
ఇచ్చే ముందు ఒక చిన్న పని చేయండి. ఆ కథలోని వాక్యాల్ని బొమ్మల్లేకుండా, వరస మార్చి ఒక తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. గడగడా చదివేవాళ్ళలో కొందరు అప్పుడు ఆగిపోతారు. వాళ్ళు పుస్తకం చదవలేదు, బట్టీ పట్టారు, లేదంటే బొమ్మ చూసి చెప్పేస్తున్నారు.

చెరువుగట్టు గారికి కూడా ఇదే. రాసింది సరిపోయిందా లేదా తెలియాలంటే, ముందెప్పుడూ ఈ కథ వినని నలుగురైదుగురు పిల్లలతో విడివిడిగా చదివించండి. మీరు నోరు మెదపకండి, తడబడిన మాట కింద గీత పెట్టుకోండి. నూటికి పది మాటలకు మించి తడబడితే అది ఆ పిల్లవాడికి బరువే, అంటే ఈ 53 మాటల్లో ఐదుకి మించకూడదు. ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆగితే తప్పు పిల్లలది కాదు, ఆ మాటది. చదవడం అయ్యాక పుస్తకం మూసి "ఏం జరిగింది?" అని అడగండి. గుచ్చి గుచ్చి అడగొద్దు. వాళ్ళు "ఎందుకంటే" అని సొంతంగా చెబితే మీ ముడులు తెగలేదన్నమాట.

చెరువుగట్టు
తర్వాతి రెండు పేజీలు నేనే ప్రయత్నించాను, చూడండి.

8\. కాకి ఉడుతని చూసింది. అది ఏమీ తినలేదు. దాని నోట్లో పుల్ల ఉంది.
9\. "నేను తీయలేదు" అంది కాకి. "గూడు కడుతున్నాను."

అక్షరమాల
బాగుంది, పుల్ల పెట్టడం మంచి ఆలోచన. నోట్లో పుల్ల ఉన్న కాకి గింజలు తినడం లేదని పిల్లవాడే కనిపెడతాడు.

కానీ "అది ఏమీ తినలేదు" అంటే ఎవరు? ఉడుతా, కాకా? మన తెలుగులో ఉడుతా అదే, కాకీ అదే, గింజా అదే. జంతువుల కథల్లో నేను "అది", "దాని" దాదాపు వాడను. పేరే మళ్ళీ రాస్తాను: "కాకి నోటిలో పుల్ల ఉంది." "ఏమీ తినలేదు" తీసేయండి, పుల్ల ఆ పని చేసేసింది.

"నోట్లో" కూడా చూడండి. మాట్లాడేటప్పుడు తేలికే, రాస్తే "ట్లో" రెండో రకం వత్తు అయింది. "ఇంట్లో", "చెట్లు", "గూట్లో" అన్నీ ఇలాగే కంటికి తెలియకుండా దూరిపోతాయి.

పాతపేజీ
ఇంతసేపూ పిల్లలు నోటితో అనే వాక్యమే కావాలన్నారు. "నోటిలో" అని ఏ పిల్లాడంటాడండీ?

అక్షరమాల
పట్టుకున్నారు. నిజమే, అక్కడ నేను నా మాటకే ఎదురు వెళ్తున్నాను. "కాకి పుల్ల పట్టింది" అని తప్పించుకోవచ్చు, కానీ ఎప్పుడూ తప్పించుకునే దారి దొరకదు. అలాంటప్పుడు నేను "నోటిలో" వైపే మొగ్గుతాను. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

పాతపేజీ
ఒప్పుకోను. "పుల్ల పట్టింది" మాత్రం బాగుంది.

చెరువుగట్టు
మూడు రోజుల తర్వాత వచ్చాను. ఐదుగురితో చదివించాను. "తొర్ర" దగ్గర ఇద్దరు మొదటిసారి ఆగారు, రెండోసారి ఆగలేదు. "దగ్గరికి" దగ్గర ఒకడు తడబడ్డాడు. నేను ఊహించని చోట దాదాపు అందరూ దెబ్బతిన్నారు: "మిగతా". ఐదుగురూ తప్పు లేకుండా చదివారు, నలుగురికి అర్థం తెలీదు. ఒకమ్మాయి అది గింజల పేరు అనుకుంది. "మిగతా గింజలు", వేరుశెనగ గింజలు లాగా!

సూటిమాట
అందులో వత్తు కూడా లేదే.

రెండోతరగతి_టీచర్
"వాన" దగ్గర నేను చెప్పింది అదే కదండీ.

అక్షరమాల
నా తప్పే. అక్షరాలు లెక్కపెట్టి సంబరపడ్డాను, మాట వినికిడిలో ఉందా లేదా చూసుకోలేదు. "ఆ సగం ఏది?" అంటే? కొంచెం తికమకగా ఉంది, తెలుసు.

పాతపేజీ
"నా గింజలు ఏవి?"
ముందు వాక్యంలో "సగం గింజలే ఉన్నాయి" అన్నారు, ఇంక "మిగతా" ఎందుకు? "నా" అంటే ఉడుత ఏడుపు కూడా వినిపిస్తుంది.

అక్షరమాల
ఇది నాకు తట్టలేదు. ఇదే పెట్టండి.

చెరువుగట్టు
పెట్టేశాను. ఇప్పుడు చీమల దగ్గరికీ వెళ్ళి "నా గింజలు ఏవి?" అనే అంటుంది. అక్కడికొచ్చేసరికి మా మేనల్లుడు పుస్తకం చూడకుండానే ఉడుత గొంతు పెట్టి అరిచాడు. బట్టీ పట్టాడా, చదివాడా అని మాత్రం అడక్కండి, తెల్ల కాగితం రేపు తీస్తాను.